సంతకాలైన రాజీ పత్రం ఉంది, రెండో వాయిదా తప్పింది: నేరుగా ఈపీ వేయవచ్చా?

చీమకుర్తి_పాలిష్
నాకు చీమకుర్తిలో గ్రానైట్ కోత, పాలిష్ యూనిట్ ఉంది. 2022 సెప్టెంబరు నుంచి నవంబరు వరకు విజయవాడలోని ఒక బిల్డరుకు పలకలు పంపాను. 18,40,000 రూపాయలు రావలసి ఉండగా రెండేళ్లకు పైగా రేపు మాపు అంటూ తిప్పించుకున్నారు. చివరికి ఇద్దరికీ తెలిసిన ఒక విశ్రాంత ఇంజనీరు గారు ఫోన్ చేసి పిలిపించి కూర్చోబెట్టడంతో 2025 ఫిబ్రవరిలో వ్యవహారం 14,50,000కు తెగింది. 100 రూపాయల స్టాంపు కాగితం మీద ‘మధ్యవర్తిత్వ ఒప్పందం’ అని శీర్షిక పెట్టి రాసుకున్నాం. ఇద్దరం సంతకాలు చేశాం, ఇంజనీరు గారు మధ్యవర్తిగా సంతకం చేశారు. మార్చి 15, మే 15, జూలై 15, సెప్టెంబరు 15 తేదీల్లో మూడేసి లక్షలు, నవంబరు 15న చివరి రెండున్నర లక్షలు ఇవ్వాలన్నది ఒప్పందం.

మొదటి వాయిదా జమ అయింది. రెండో వాయిదా చెక్కు మే 19న ఖాతాలో నిధులు లేవంటూ తిరిగి వచ్చింది. మా ఆడిటరు ఇది మూడో వ్యక్తి రాజీ కుదిర్చే కన్సిలియేషన్ కాబట్టి డిక్రీతో సమానమని, దావా అవసరం లేకుండా నేరుగా అమలు కోరుతూ కోర్టులో ఈపీ వేయవచ్చని చెబుతున్నారు. మా బావమరిది మాత్రం ఇది వట్టి బేరసారాల కాగితమని, కోర్టులో చిత్తుకాగితంతో సమానమని తేల్చేశారు. ఈ ఇద్దరిలో ఎవరి మాట నిజం?

సెక్షన్_శాస్త్రి
మీ ఆడిటరు చెప్పినదే సరైనది. 2023 మధ్యవర్తిత్వ చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం మధ్యవర్తి సమక్షంలో రాసుకున్న ఒప్పందం ఇరుపక్షాలకు అంతిమం, కట్టుబడవలసినది. కోర్టు డిక్రీని అమలు చేసినట్లే దాన్ని అమలు చేయించుకోవచ్చు. ఆ చట్టంలోని నిర్వచనంలో కన్సిలియేషన్ కూడా కలిసిపోయింది కాబట్టి ఏ పేరుతో పిలిచినా ఫలితం ఒకటే.

టీకొట్టు_జడ్జి
ఆడిటరు, బావమరిది చెరొక పక్షం వహించారు కాబట్టి ముందు వారిద్దరినీ మధ్యవర్తిత్వానికి పంపవలసి ఉంటుంది.

బాపట్ల_వకీలు
శాస్త్రి గారు చదివిన సెక్షన్ పుస్తకంలో ఉన్న మాట నిజమే, అయితే అది అమల్లోకి వచ్చిందా అన్నది వేరే ప్రశ్న. 2023 అక్టోబరు 9న కేంద్రం అమల్లోకి తెచ్చినవి ఆ చట్టంలోని కొన్ని సెక్షన్లు మాత్రమే. నిర్వచనాలు, మధ్యవర్తిత్వ మండలి ఏర్పాటుకు సంబంధించినవి ఆ జాబితాలో ఉన్నాయి కానీ, 27 లేదు. ఒప్పందాన్ని సవాలు చేసే 28 లేదు, 1996 నాటి ఆర్బిట్రేషన్, కన్సిలియేషన్ చట్టంలోని కన్సిలియేషన్ భాగాన్ని మార్చే 61 కూడా లేదు. ఈపీ వేయబోయేవారు దాఖలు చేసే నాటికి 27పై నోటిఫికేషన్ వచ్చిందో లేదో గెజెట్ చూసుకోవాలి. అది లేకుండా ఈపీ వేస్తే మొదటి విచారణలోనే వెనక్కి వస్తుంది.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. కాగితం మీద ఏ శీర్షిక ఉందన్నది కోర్టు చూడదు. ఆ రాజీ ఏ దారిలో కుదిరిందన్నది చూస్తుంది. దావా నడుస్తుండగా కోర్టు పంపిన మధ్యవర్తిత్వంలో కుదిరితే ఒక దారి, 1996 చట్టం మూడో భాగం ప్రకారం కన్సిలియేటరు దగ్గర కుదిరితే ఒక దారి, లోక్ అదాలత్‌లో అయితే మరొకటి. ఈ మూడింటిలో దేనికీ చెందకుండా మనుషులు కూర్చుని తేల్చుకున్నది కాంట్రాక్టు చట్టం కిందికి వస్తుంది. పాలిష్ గారి కాగితం నాకు చివరి దానిలాగే కనిపిస్తోంది. అంటే చిత్తుకాగితం కాదు, డిక్రీ కూడా కాదు. అవతలివారు కట్టుబడి తీరవలసిందే, కట్టుబడకపోతే మాత్రం ఈ ఒప్పందాన్ని ఆధారం చేసుకుని దావా వేసి డిక్రీ తెచ్చుకున్నాకే ఈపీ.

సెక్షన్_శాస్త్రి
27 అమల్లోకి రాకపోతే 1996 చట్టం అలాగే ఉన్నట్లే కదా. అందులోని 74వ సెక్షన్ ప్రకారం కన్సిలియేషన్ ఒప్పందానికి ఆర్బిట్రేషన్ అవార్డు హోదా ఉంది, అవార్డు డిక్రీలాగే అమలవుతుంది. మూడో వ్యక్తి ఉన్నారు, మాట్లాడించారు, సంతకం చేశారు. ఇంతకంటే కన్సిలియేషన్‌కు ఇంకేం కావాలి?

బాపట్ల_వకీలు
చాలా కావాలి. ఒక పక్షం కన్సిలియేషన్‌కు రమ్మని లిఖితంగా ఆహ్వానించాలి, రెండో పక్షం లిఖితంగా ఒప్పుకోవాలి. అప్పుడే ఆ ప్రక్రియ మొదలైనట్లు 62వ సెక్షన్ చెబుతుంది. తర్వాత కన్సిలియేటరుగా ఎవరు ఉండాలో ఇద్దరూ అంగీకరించాలి. చివర ఒప్పందాన్ని పక్షాలు సంతకం చేయడంతో సరిపోదు, కన్సిలియేటరు దాన్ని ధ్రువీకరించి ఇద్దరికీ ప్రతులు ఇవ్వాలని 73 అంటుంది. ఇక్కడ ఇంజనీరు గారు ఫోన్ చేశారు, వీరు వెళ్లారు.

ఈ లాంఛనాలను సుప్రీంకోర్టు తేలికగా తీసుకోదు. 2000లో హరేశ్ దయారాం ఠాకూర్ కేసులో కన్సిలియేటరు తానే పరిష్కారం రాసి, పక్షాల సంతకాలు లేకుండా కోర్టుకు పంపితే అది 73 కింద ఒప్పందమే కాదని కొట్టేసింది. 2003లో మైసూర్ సిమెంట్స్ కేసులో కన్సిలియేషన్ నడిచిన మాట నిజమే అయినా, పార్టీలు చూపించిన హామీ లేఖ 73కు తగినట్లు లేదు కాబట్టి దాన్ని డిక్రీలా అమలు చేయడం కుదరదంది. ప్రక్రియ సక్రమంగా మొదలైన చోటే ఇలా జరిగితే, అసలు మొదలైనట్లు ఒక్క ఉత్తరం కూడా లేని చోట ఈపీ నిలవడం కష్టం.

గోదావరి_గట్టు
మా ఇంట్లోనూ ఇదే జరిగింది. నాన్నగారు పోయాక అన్నదమ్ములం ముగ్గురం ఊరి పెద్దల దగ్గర కూర్చుని పొలం పంచుకున్నాం. పెద్దలు ఒక తెల్లకాగితం మీద ఎవరికి ఏ చెక్క వచ్చిందో రాసి అందరి చేత సంతకాలు పెట్టించారు. ఇప్పుడు చిన్నవాడు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ కాగితం చెల్లదంటున్నాడు. పాలిష్ గారి కాగితం చెల్లితే మాదీ చెల్లాలి కదా?

బాపట్ల_వకీలు
మీది డబ్బు వ్యవహారం కాదు గట్టు గారూ, భూమి. అందుకని ఇక్కడి సమాధానం మీకు వర్తించదు. ముందే నోటిమాటగా పంచుకుని, ఎవరి భాగంలోకి వారు దిగి, జరిగిపోయిన దాన్ని జ్ఞాపకం కోసం రాసుకుంటే రిజిస్ట్రేషన్ లేకపోయినా కుటుంబ ఏర్పాటుగా నిలుస్తుందని 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాగితంతోనే హక్కులు కొత్తగా పుట్టాయంటే మాత్రం రిజిస్ట్రేషన్ తప్పదు. ‘ఇంతకు ముందే పంచుకున్నాము’ అని ఉందా, ‘ఇందుమూలంగా పంచుకుంటున్నాము’ అని ఉందా అన్నది ముందు చూడండి. మీ వివరాలతో వేరే చర్చ మొదలుపెడితే అక్కడ మాట్లాడుకుందాం.

రాజీ_మాధవి
జిల్లా కోర్టు మధ్యవర్తిత్వ కేంద్రంలో 40 గంటల శిక్షణ పొంది కొన్నేళ్లుగా కేసులు చూస్తున్నాను. వకీలు గారు చట్టం వైపు నుంచి చెప్పారు, గదిలో కూర్చున్నవారి వైపు నుంచి నేను కొంత చెబుతాను.

నేను మధ్యవర్తిగా కూర్చున్నప్పుడు ‘పదిహేను లక్షలకు ఒప్పుకోండి’ అని అనను. ఒకరిని బయట కూర్చోబెట్టి రెండోవారిని వేరుగా పిలిచి, కేసు ఓడిపోతే మీకు పడే ఖర్చెంత, గెలిచినా డబ్బు చేతికి ఎప్పుడు వస్తుంది, అవతలివారు నిజంగా ఎంత ఇవ్వగలరు అని అడుగుతాను. అంకె వారి నోటి నుంచే రావాలి. కన్సిలియేటరుకు ఆ కట్టుబాటు లేదు. ఏ దశలోనైనా పరిష్కారం ఇలా ఉండవచ్చని తానే ప్రతిపాదించడానికి 67వ సెక్షన్ అనుమతిస్తుంది. పాలిష్ గారి ఇంజనీరు 14,50,000 అన్న అంకెను తానే చెప్పి ఉంటే పనితీరులో ఆయన కన్సిలియేటరుకు దగ్గరగా ఉన్నారన్నమాట. అయినా పనితీరు పోలినంత మాత్రాన చట్టపరమైన హోదా రాదన్న వకీలు గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ఒప్పందాలు వీగిపోయేది ఎక్కువగా హోదా లేకపోవడం వల్ల కాదు, రాతలో తేడా వల్ల. పాలిష్ గారూ, వాయిదా తప్పితే ఏమవుతుందని మీ కాగితంలో రాసుకున్నారు? ఆ వాక్యాలు ఉన్నవి ఉన్నట్లుగా ఇక్కడ పెట్టగలరా?

చీమకుర్తి_పాలిష్
అంకె ఇంజనీరు గారే చెప్పారు. కాగితంలో ఉన్నది ఇది: ‘ఇరుపక్షాలు పాత బాకీ మొత్తం రూ. 14,50,000గా అంగీకరించడమైనది. ఇకమీదట పాత బిల్లులతో ఎవరికీ ఎట్టి సంబంధము లేదు. పై తేదీలలో రెండో పార్టీ వారు మొదటి పార్టీ వారికి చెల్లించగలరు.’ వాయిదా తప్పితే ఏమిటన్నది రాయలేదు. ఇచ్చేవాళ్లు ఇస్తారనే నమ్మకంతో సంతకం చేశాం. ఇప్పుడు నాకున్న ఆలోచన ఏమిటంటే, వాళ్లు మాట తప్పారు కాబట్టి రాజీ రద్దయినట్లే, పాత 18,40,000లో వచ్చిన మూడు లక్షలు పోను 15,40,000కు దావా వేస్తే ఎలా ఉంటుంది?

బాపట్ల_వకీలు
ఆ రెండో వాక్యమే మీకు అడ్డం వస్తుంది. పాత బిల్లులతో సంబంధం లేదని మీరే సంతకం చేశారు. పాత ఒప్పందం స్థానంలో కొత్తది వస్తే పాతదాన్ని నెరవేర్చనక్కర్లేదని కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్, రావలసినదానిలో కొంత వదులుకోవచ్చని 63వ సెక్షన్ చెబుతాయి. బిల్డరు తరఫు న్యాయవాది మొదట లేవదీసే వాదన ఇదే. అందువల్ల మీ చేతిలో గట్టిగా ఉన్నది 14,50,000 నుంచి 3,00,000 తీసేయగా మిగిలిన 11,50,000. మీరు ఆశిస్తున్న 15,40,000కు దీనికి మధ్య 3,90,000 తేడా ఉంది, ఆ తేడా కోసం చేసే పోరాటం మీకు లాభిస్తుందని నాకు నమ్మకం లేదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఒక వాయిదా తప్పితే మిగతావన్నీ వెంటనే చెల్లించాలన్న షరతు లేదు. అంటే ఈ రోజుకు, ఈ జూన్ మొదటి వారానికి, గడువు మీరినది మూడు లక్షలే. చెక్కు తిరిగి రావడంతో పాటు ‘ఇక ఇవ్వను’ అని బిల్డరు రాతలో గానీ, మాటలో గానీ స్పష్టంగా చెబితే, ముందుగానే ఒప్పందాన్ని భంగపరిచినట్లుగా చూపి మొత్తం 11,50,000 అడగవచ్చు. ఊరికే ఫోన్ ఎత్తకపోవడం దానికి సరిపోతుందా అన్నది జడ్జిని బట్టి ఉంటుంది.

రాజీ_మాధవి
అందుకే ఇలాంటి కేసుల్లో నేను రాతను తిప్పి రాయిస్తాను. ‘బాకీ 18,40,000 అని రెండో పక్షం అంగీకరిస్తోంది. పై తేదీల ప్రకారం 14,50,000 చెల్లిస్తే మిగతాది మొదటి పక్షం వదులుకుంటుంది. ఏ వాయిదా తప్పినా రాయితీ రద్దయి, చెల్లించినది పోను మిగిలినదంతా ఒకేసారి చెల్లించాలి’ అని రాస్తే అంకెలు అవే, ఫలితం వేరు. సకాలంలో ఇచ్చినవారికి రాయితీ అన్నట్లుగా ఉంటే కోర్టులు గౌరవిస్తాయి. బాకీ 14,50,000 అని ఒప్పుకుని, తప్పితే 18,40,000 ఇవ్వాలని రాస్తే అది జరిమానాగా మారి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోత పడుతుంది.

ఎత్తుబడి_రావు
నేను బిల్డరు పక్షం నుంచి ఒక మాట అంటాను, ఆ వ్యాపారంలో మా బంధువులూ ఉన్నారు కాబట్టి. ఈ రాయితీ రాత కూడా మోసమే అనిపిస్తుంది నాకు. డబ్బు లేకనే కదా అవతలివాడు రాజీకి వచ్చేది? ఒక నెల ఆలస్యమైతే నాలుగు లక్షలు తిరిగి మెడకు చుట్టుకుంటే అది రాజీ ఎలా అవుతుంది?

రాజీ_మాధవి
అది న్యాయమైన అభ్యంతరమే. కొన్ని కేసుల్లో పక్షాలతో పది, పదిహేను రోజుల వెసులుబాటు, ఆలస్యమైన వాయిదాకు మాత్రమే వడ్డీ, రెండు వరుస వాయిదాలు తప్పితేనే రాయితీ రద్దు అని రాయించాను. అవన్నీ గదిలో మాట్లాడుకోవలసినవి. ఏమీ రాయకుండా నమ్మకానికి వదిలేస్తే ఇద్దరూ నష్టపోతారు, పాలిష్ గారు ఇప్పుడు ఉన్నది అక్కడే.

సెక్షన్_శాస్త్రి
మరి కాలపరిమితి మాటేమిటి? 2022 సరుకుకు మూడేళ్లు నిండితే పాత బిల్లు పోయినట్లే.

బాపట్ల_వకీలు
మంచి ప్రశ్న. అరువు గడువు ప్రత్యేకంగా లేకపోతే సరుకు అప్పగించిన తేదీ నుంచి మూడేళ్లు, కాబట్టి సెప్టెంబరులో పంపిన లోడ్లు ఈ సెప్టెంబరుకు, నవంబరువి నవంబరుకు నిండుతాయి. అయితే గడువు లోపలే, 2025 ఫిబ్రవరిలో, బాకీ ఒప్పుకుంటూ సంతకం చేశారు. సంతకంతో ఉన్న ఆ ఒప్పుకోలు నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. మార్చిలో చెక్కుతో గానీ, బ్యాంకు బదిలీతో గానీ మొదటి వాయిదా ఇచ్చి ఉంటే ఆ పాక్షిక చెల్లింపు కూడా మరొక ఆధారమవుతుంది. ఆ ఒప్పందం మీద దావా వేసినా, వాయిదా తప్పిన తేదీ నుంచి మూడేళ్లు ఉన్నాయి. కాలపరిమితి గురించి పాలిష్ గారు నిశ్చింతగా ఉండవచ్చు, ఒక్క విషయంలో తప్ప.

ఆ ఒక్క విషయం చెక్కు. బ్యాంకు నుంచి చెక్కు తిరిగివచ్చిందన్న సమాచారం అందిన 30 రోజుల లోపు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. మెమో మే 19నే అందితే గడువు జూన్ 18తో ముగుస్తుంది. నోటీసు అందాక 15 రోజులు ఆగి, ఆ పైన ఒక నెల లోపు ఫిర్యాదు వేయాలి. రాజీ ప్రకారం ఇచ్చిన చెక్కు తిరిగి వస్తే దానికది కొత్త నేరమని 2021లో గిమ్‌పెక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఈపీ గురించి ఇక్కడ చర్చించుకుంటూ ఆ తేదీ దాటనివ్వకండి.

చీమకుర్తి_పాలిష్
మెమో మే 21న నా ఖాతా ఉన్న శాఖలో ఇచ్చారు. రేపే నోటీసు పంపుతాను. నోటీసులో ఎంత అడగాలి, మూడు లక్షలా, పదకొండున్నర లక్షలా?

బాపట్ల_వకీలు
చెక్కు ఎంతకు ఉందో అంత. చెక్కు సొమ్ము మించి అడిగితే నోటీసే తప్పుపట్టవచ్చు. మిగతా 8,50,000 గురించి వేరే లేఖలో రాయండి.

డల్లాస్_నుంచి
ఈ పద్ధతి నాకు కొత్త. మేము ఇక్కడ ఒక సాఫ్ట్‌వేరు కాంట్రాక్టు వివాదాన్ని హైదరాబాదులోని ఒక సంస్థతో మీడియేషన్‌లో తేల్చుకున్నాం, మీడియేటరు కూడా అమెరికావారే. అవతలివారు ఇవ్వకపోతే ఆ ఒప్పందాన్ని పట్టుకుని హైదరాబాదు కోర్టులో నేరుగా అమలు చేయించుకోవచ్చునా?

బాపట్ల_వకీలు
అంత సులువు కాదు. అంతర్జాతీయ మీడియేషన్ ఒప్పందాల అమలు కోసం వచ్చిన సింగపూర్ కన్వెన్షన్ మీద భారతదేశం 2019 ఆగస్టులో సంతకం చేసింది కానీ, సంతకం వేరు, దాన్ని ధ్రువీకరించడం వేరు. ఆ రెండోది జరగనంత కాలం ఆ ఒప్పందాన్ని మామూలు కాంట్రాక్టుగా చూపి దావా వేయవలసి వస్తుంది. మీ ఒప్పందంలో వివాదం వస్తే ఆర్బిట్రేషన్ అన్న షరతు ఉంటే ఆ దారి వేరు.

టీకొట్టు_జడ్జి
అమల్లోకి రాని సెక్షను, ధ్రువీకరించని ఒప్పందం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

రాజీ_మాధవి
పాలిష్ గారికి ఇంకొక దారి చెబుతాను, దీన్ని చాలామంది గమనించరు. మూడు లక్షలు, అంతకు మించిన విలువ గల వాణిజ్య వివాదంలో దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. అత్యవసరంగా కోర్టు స్టే వంటిది కావాల్సి వస్తే తప్ప దీనికి మినహాయింపు లేదు. కమర్షియల్ కోర్టుల చట్టం 12ఏ సెక్షన్ అది. ఇది తప్పనిసరి అని 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ ఏడాది ఆగస్టు 20 తర్వాత ఈ మెట్టు ఎక్కకుండా వేసిన దావా తిరస్కరణకు గురవుతుంది. కాబట్టి మీరు 11,50,000కు దావా వేయాలన్నా ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో వెయ్యి రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవలసిందే.

దీన్ని అడ్డంకి అనుకోకండి. బిల్డరు వస్తే, అవే అంకెలతో గానీ కొత్త తేదీలతో గానీ ఈసారి సరైన షరతులతో ఒప్పందం రాయించండి. 12ఏ కింద కుదిరి సంతకాలైన రాజీకి ఆర్బిట్రేషన్ అవార్డు హోదా ఉంటుంది. అప్పుడు వాయిదా తప్పితే మీ ఆడిటరు చెప్పిన ఈపీ నిజంగానే వేయవచ్చు. బిల్డరు నోటీసు అందుకుని రాకపోతే ప్రక్రియ మొదలే కాలేదని నివేదిక ఇస్తారు, దానితో దావా వేసుకోవచ్చు. మధ్యవర్తిత్వంలో గడిచిన కాలాన్ని కాలపరిమితిలో లెక్కించరు. అదే ఇంజనీరు గారు మళ్లీ మాట్లాడించినా ఈ హోదా రాదు, అక్కడికి వెళ్లాలి.

సెక్షన్_శాస్త్రి
చూశారా, చివరికి నేను చెప్పిన హోదాకే వచ్చారు. 27 అమల్లోకి వస్తే మీ దారులన్నీ ఒక్కటయిపోతాయి.

బాపట్ల_వకీలు
ఒక్కటి కావు శాస్త్రి గారూ. 27 అమల్లోకి వచ్చినా ఆ చట్టం కింద జరిగిన మధ్యవర్తిత్వంలో కుదిరిన, మధ్యవర్తి ధ్రువీకరించిన ఒప్పందానికే ఆ బలం. ఫోన్ చేసి పిలిపించిన స్నేహితుడి కాగితానికి వెనుకటి తేదీతో ఆ హోదా ఎవరూ అంటించలేరు. మీరు అనుకున్నంత విశాలంగా అది ఉండదని నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఎత్తుబడి_రావు
ఇంత కష్టమెందుకు, పాలిష్ గారికి ఉద్యమ్ నమోదు ఉంటే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా? అక్కడ మొదట కన్సిలియేషనే చేస్తారు. అది కన్సిలియేషన్ అని బోర్డు మీదే రాసి ఉంటుంది.

బాపట్ల_వకీలు
మన చిన్న పరిశ్రమలవారికి అసలైన కన్సిలియేషన్ ఎదురయ్యే చోటు నిజంగా అదే. అక్కడ కుదిరి సంతకాలైతే 1996 చట్టం ప్రకారమే అవార్డు హోదా వస్తుంది, కుదరకపోతే అదే కౌన్సిల్ ఆర్బిట్రేషన్‌కు తీసుకుంటుంది. తయారీదారు కాబట్టి పాలిష్ గారు అర్హులు కావచ్చు. కానీ ఉద్యమ్ నమోదు సరుకు పంపేనాటికే ఉండాలా, తర్వాత చేసుకున్నా సరిపోతుందా అన్నది ఇంకా తేలని ప్రశ్న. ఇంతకుముందు తీర్పులు ముందే ఉండాలన్నాయి, 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపింది. మీ నమోదు ఎప్పటిది?

చీమకుర్తి_పాలిష్
2023లో చేశాను, అంటే సరుకు పంపిన తర్వాత. ఆ దారిలో వెళ్తే అదే మొదటి గొడవ అవుతుందన్నమాట.

గోదావరి_గట్టు
నా కాగితంలో ‘పంచుకుని అనుభవిస్తున్నాము’ అని ఉంది. సంతోషం. మా తమ్ముడి కూతురు మైనరు, ఆమె పేరుమీద సంతకం చేసింది వాళ్ల నాన్న. దీనివల్ల ఏమైనా తేడా వస్తుందా?

రాజీ_మాధవి
వస్తుంది. దావా నడుస్తున్నప్పుడు మైనరు తరఫున రాజీ చేసుకోవాలంటే కోర్టు అనుమతి కావాలి, అది లేని రాజీని ఆ అమ్మాయి కోరితే కొట్టివేయించుకోవచ్చు. దావా బయట జరిగిన పంపకంలోనూ ఆమె వాటా తగ్గితే మున్ముందు ప్రశ్నించే హక్కు ఆమెకు ఉంటుంది. వకీలు గారు చెప్పినట్లు వేరే చర్చ పెట్టండి.

టీకొట్టు_జడ్జి
లోక్ అదాలత్ మాట ఎవరూ అనలేదు. నేను చూసిన రెండు బాకీల్లో జనాలు న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ కేసు పెట్టుకుని, ముందే మాట్లాడుకున్న అంకెకు సంతకం పెట్టి అవార్డు తీసుకుని వెళ్లిపోయారు. కోర్టు రుసుము లేదు, అప్పీలూ లేదు.

బాపట్ల_వకీలు
ఇద్దరూ ఒప్పుకుని వస్తే అది చక్కటి దారి. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీగా పరిగణింపబడుతుంది, అప్పీలు ఉండదు, చాలా పరిమితమైన కారణాలపై హైకోర్టులో రిట్ మాత్రమే. కానీ రెండో పక్షం రాకపోతే లోక్ అదాలత్ ఎవరికీ ఏమీ చేయలేదు, తీర్పు చెప్పే అధికారం దానికి లేదు. బిల్డరు రాజీ ప్రకారం ఇచ్చిన చెక్కే తిరిగి వచ్చింది, ఆయన మళ్లీ వచ్చి సంతకం చేస్తాడా అన్నది పాలిష్ గారే అంచనా వేయాలి. చెక్కు నోటీసు అందుకున్నాక చాలామంది వస్తారన్నది నా అనుభవం.

చీమకుర్తి_పాలిష్
రేపు నోటీసు రిజిస్టరు పోస్టులో పంపి, వచ్చే వారం న్యాయ సేవాధికార సంస్థలో 12ఏ దరఖాస్తు ఇస్తాను. ఇంకొక్క అనుమానం. అక్కడికి వెళ్లినప్పుడు నేను మళ్లీ 18,40,000 నుంచి మొదలుపెట్టి బేరమాడవచ్చా, లేక ఫిబ్రవరి కాగితం చూపగానే మధ్యవర్తి 11,50,000 దగ్గరే ఆపేస్తారా?

రాజీ_మాధవి
మధ్యవర్తికి ఆపే అధికారం లేదు, మీరు ఎక్కడి నుంచి మొదలుపెట్టినా ఆపరు. కానీ మీరు 18,40,000 అన్న మరుక్షణం బిల్డరు తరఫువారు ఆ రెండో వాక్యం మీద వేలు పెడతారు. మీరు వడ్డీ, వెంటనే మొత్తం చెల్లింపు షరతు, రాయితీ రద్దు షరతు అడగండి, అవి వస్తే 3,90,000 వదులుకున్న బాధ తగ్గుతుంది. అక్కడ మాట్లాడిన మాటలు బయట వాడుకోవడానికి వీలుండదు, కోర్టుకు వెళ్లేది ఒప్పందం గానీ, కుదరలేదన్న నివేదిక గానీ మాత్రమే. కాబట్టి ధైర్యంగానే మాట్లాడండి.

ఎత్తుబడి_రావు
ఫిబ్రవరి కాగితం అసలు ప్రతి ఎవరి దగ్గర ఉంది? ఒక్కటే రాసుకున్నారా, రెండా?

చీమకుర్తి_పాలిష్
ఒక్కటే రాశాం, అసలు ప్రతి ఇంజనీరు గారి దగ్గర ఉంది. నా దగ్గర జిరాక్స్ మాత్రమే ఉంది.

బాపట్ల_వకీలు
అయితే నోటీసు పంపేలోపు ముందుగా ఆయన దగ్గరికి వెళ్లి ఆ అసలు కాగితం తెచ్చుకోండి. అసలు లేకుండా దావా వేస్తే ప్రతివాది మొదటి అభ్యంతరం దాని మీదే ఉంటుంది. ఆయన ఇవ్వడానికి ఇష్టపడకపోతే, కనీసం అది తన దగ్గర ఉన్నదని ఒక సందేశమైనా ఆయన నుంచి తీసుకోండి.